ఖర్చు పెరిగింది, జవాబు ఎవరు చెప్పాలి?

ఒక సరుకు తయారుచేయడానికి ముడిసరుకు ఎంత పట్టాలి, దాన్ని ఏ ధరకు కొనాలి, ఎన్ని గంటల పని పడుతుంది, గంటకు కూలి ఎంత అని ముందుగానే లెక్కగట్టి పెట్టుకున్న ఖర్చును ప్రామాణిక వ్యయం అంటారు. పని పూర్తయ్యాక పుస్తకాల్లో తేలేది వాస్తవ వ్యయం. ఈ రెండూ అచ్చంగా సరిపోవడం చాలా అరుదు. వాటి మధ్య తేడాకు కామర్స్ పాఠ్యపుస్తకాల్లో విచలనం అని పేరు. ఆఫీసుల్లో మాత్రం అందరూ వేరియన్స్ అనే అంటారు. అనుకున్నదానికంటే ఖర్చు తగ్గితే అది అనుకూల విచలనం, పెరిగితే ప్రతికూల విచలనం. తేడా ఎంతో తేల్చడానికి తీసివేత వస్తే చాలు. అది ఎక్కడ పుట్టింది, దానికి ఎవరు జవాబుదారీ అన్నది తేల్చడానికి మాత్రం పుస్తకాలతో పాటు గోడౌనూ షెడ్డూ కూడా చూడాల్సి వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పు పరిశ్రమకు పేరున్న ఊరు. అక్కడ కనిపించే తరహా చిన్న యూనిట్ ఒకదాన్ని ఉదాహరణకు ఊహించుకోవచ్చు. పిక్కలను ఆవిరిలో ఉడికించి ఆరబెడతారు, పెంకు కోసి లోపలి పప్పు తీస్తారు. పప్పును బోర్మా అనే వేడి గదిలో ఎండబెడతారు. ఆ తర్వాత ఆడవాళ్లు వరుసగా కూర్చుని చిన్న కత్తులతో పొట్టు ఒలుస్తారు. చివరికి గుండు, బద్ద, ముక్క అని వేరుచేసి డబ్బాలకెత్తుతారు. ఇక్కడ ఖర్చులో సింహభాగం పిక్కలదే. కూలి దాని తర్వాతి మాట. కింది అంకెలన్నీ లెక్క తేలిగ్గా సాగడం కోసం వేసుకున్నవే.

ఈ యూనిట్ పెట్టుకున్న ప్రమాణం ప్రకారం నాలుగు కిలోల పిక్కలకు కిలో పప్పు రావాలి. పిక్కల ధర కిలో 130 రూపాయలు. కిలో పప్పు పొట్టు ఒలవడానికి ఒక గంట, గంటకు 50 రూపాయల కూలి. పిక్కల్లో పుచ్చులూ లొట్టలూ కొన్ని ఉంటాయని, చేతులు కాసేపు ఆగుతాయని తెలిసే ఈ ప్రమాణాలు పెట్టారు. ఒక్క పిక్క కూడా పోకూడదు, ఒక్క నిమిషం కూడా ఆగకూడదు అన్నట్టు పెట్టే ఆదర్శ ప్రమాణాలతో ప్రతి నెలా ప్రతికూల విచలనమే వస్తుంది. కొన్నాళ్లకు ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఒక నెలలో 5,000 కిలోల పప్పు తయారైంది. ప్రమాణం ప్రకారం దానికి 20,000 కిలోల పిక్కలు, అంటే 80 కిలోల బస్తాలు 250 సరిపోవాలి. ఖర్చు 26 లక్షల రూపాయలు కావాలి. వాడింది 22,000 కిలోలు. సగటున కిలోకు 122 రూపాయలు పడింది కాబట్టి ఖర్చు 26,84,000 అయింది. అంటే 84,000 రూపాయలు ఎక్కువ. ఇక్కడితో ఆగితే యజమాని చూసేది మూడు శాతం దాకా పెరిగిన ఖర్చు ఒక్కటే. మార్కెట్ తీరే అంత అని సరిపెట్టుకోవడానికి అది వీలైన అంకె.

ఆ 84,000 లోపల రెండు పెద్ద కదలికలు ఎదురెదురుగా ఉన్నాయి. మొదటిది ధరది. కిలోకు 130 ఇవ్వాల్సిన చోట 122 ఇచ్చారు, కాబట్టి 22,000 కిలోల మీద కిలోకు ఎనిమిది రూపాయల చొప్పున 1,76,000 మిగిలింది. రెండోది వాడకానిది. 20,000 కిలోలు పట్టాల్సిన చోట 22,000 పట్టాయి. అదనంగా పోయిన 2,000 కిలోలను ప్రామాణిక ధర 130 చొప్పున లెక్కిస్తే 2,60,000 నష్టం. ఒకటి మిగులు, ఒకటి నష్టం. రెండూ కలిపితే మళ్లీ అదే 84,000.

వాడకం తేడాకు అసలు ధర బదులు ప్రామాణిక ధర వేయడానికి కారణం ఉంది. షెడ్డులో పని చూసే సూపర్‌వైజర్‌కు బజారు ధర మీద ఏ అదుపూ లేదు. అతను ఎన్ని కిలోలు ఎక్కువ వాడాడన్నదే అతన్ని అడగాల్సిన ప్రశ్న. ఆ కిలోలకు ఏ ధర పెట్టారన్నది కొనుగోలు చేసినవాళ్లను అడగాలి. ఇంత జాగ్రత్తపడ్డా ఒక చిన్న చిక్కు మిగులుతుంది. వృథాగా పోయిన 2,000 కిలోల మీద కూడా కిలోకు ఎనిమిది రూపాయల చొప్పున 16,000 రూపాయల మిగులు కొనుగోలు విభాగానికే దక్కింది. అసలు కొనాల్సిన అవసరమే లేని సరుకు మీద ఆదా చేసినందుకు మెచ్చుకున్నట్టే ఇది. ఆనవాయితీ ప్రకారం ఈ ఉమ్మడి ముక్కను ధర విచలనంలోనే కలుపుతారు. దానికి గట్టి తర్కమేదీ లేదు, ఎక్కడో ఒకచోట వేయాలి కాబట్టి వేస్తారు.

పాఠ్యపుస్తకాల వాడుక ప్రకారం ధర విచలనం కొనుగోలు విభాగానిది, వాడకం విచలనం ఉత్పత్తి విభాగానిది. ఆ లెక్కన ఈ నెల కొనుగోలు అధికారికి శభాష్ అనాలి, సూపర్‌వైజర్‌ను నిలదీయాలి. చాలా యూనిట్లలో జరిగేదీ ఇదే. నిజానికి ఆ పేర్లు తేడా ఎక్కడ బయటపడిందో చెబుతాయి. ఎక్కడ పుట్టిందో చెప్పవు. పుట్టిన చోటు తెలియాలంటే నెల మొత్తాన్ని ఒకే ముద్దగా చూడకుండా సరుకు వచ్చిన లాట్ల వారీగా విడదీయాలి.

ఈ నెల వాడిన 22,000 కిలోలు రెండు లాట్లుగా వచ్చాయి. మొదటిది కిలో 130 చొప్పున కొన్న 11,000 కిలోలు. దాని నుంచి 2,750 కిలోల పప్పు వచ్చింది, అంటే సరిగ్గా నాలుగుకు ఒకటి. రెండోది కిలో 114 కే దొరికిన 11,000 కిలోలు. దాని నుంచి వచ్చిన పప్పు 2,250 కిలోలే. ప్రమాణం ప్రకారం అంత పప్పుకు 9,000 కిలోల పిక్కలు చాలు. షెడ్డు ఖాతాలో పడిన 2,000 కిలోల అధిక వాడకం పూర్తిగా ఈ చవక లాట్‌దేనన్నమాట. అవే చేతులు, అవే కత్తులు, అదే బోర్మా మొదటి లాట్‌ను ప్రమాణానికి తగ్గకుండా తీశాయి. కాబట్టి తప్పు పనివాళ్లదన్న అనుమానానికి ఇక్కడ చోటు తక్కువ.

పిక్కల వ్యాపారంలో ఈ సంగతి ముందే తెలుసుకునే ఉపాయం ఉంది. బస్తాల నుంచి అక్కడక్కడా నమూనా తీసి, కలిపి, ఒక కిలో తూచి, ప్రతి పిక్కనూ నిలువునా కోసి చూస్తారు. మంచి పప్పు, ముడుచుకుపోయింది, మచ్చలు పడింది, పుచ్చిపోయింది, లోపల ఏమీ లేని లొట్ట అని వేరుచేసి తూకం వేస్తారు. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల మంచి పప్పు వస్తుందో దాన్నిబట్టి కడతారు. దీన్నే అవుట్‌టర్న్ అంటారు. ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతయ్యే పిక్కల బేరం కూడా ఈ అంకె మీదే నడుస్తుంది. నాలుగుకు ఒకటి అంటే బస్తాకు 20 కిలోలు, సుమారు 44 పౌండ్లు. రెండో లాట్ బస్తాకు 36 పౌండ్లు మాత్రమే ఇచ్చింది. గేటు దగ్గర కోత పరీక్ష చేసి ఉంటే ఈ కొరత చాలావరకు అప్పుడే కనబడేది. అంత పప్పే ఇచ్చే పిక్కకు కిలో 106 రూపాయలు దాటి పెడితే, ప్రమాణంతో పోల్చినప్పుడు నష్టమే. కొన్నది 114 కు. అంటే చవకగా కనిపించిన బేరం నిజానికి ప్రియమైన బేరమే.

దీన్నిబట్టి బాధ్యత కొనుగోలు అధికారి మీదికి మళ్లుతుంది, కానీ అక్కడే ఆగాలని లేదు. పరీక్ష జరిగిందా, జరిగితే ఫలితం ఎవరికి అందింది? నాసిరకమని తెలిసీ, గడువు దగ్గరపడిన ఆర్డరు కోసం యజమానే కొనమన్నాడా? అమ్మకాల విభాగం ఆఖరి నిమిషంలో ఆర్డరు ఒప్పుకోవడంతో వేరే సరుకు దొరకలేదా? కొనుగోలు అధికారి మీద వేయదగ్గది అతని చేతిలో ఉన్న నిర్ణయం వరకే. ధర సంగతీ అంతే. ఆ నెలలో మార్కెట్ మొత్తం 130 నుంచి పడిపోయి ఉంటే, తక్కువకు కొన్నందుకు మెచ్చుకోవాల్సిన పని లేదు. అది ప్రమాణం పాతబడినందువల్ల వచ్చిన మిగులు. అప్పటి బజారు ధరతో పోల్చి అధికారి నేర్పును వేరుగా చూడాలి, పాతబడిన ప్రమాణం వల్ల వచ్చిన తేడాను అది వేసినవాళ్ల ఖాతాలో వేయాలి.

జీడి పిక్కల కొనుగోలు సీజన్‌లో జరుగుతుంది, వాడకం ఏడాది పొడవునా సాగుతుంది. అందుచేత ధర విచలనాన్ని సరుకు వాడిన నెలలో కాకుండా కొన్న రోజునే లెక్కగట్టడం మేలు. వేసవిలో చేసిన బేరం తప్పొప్పులు దీపావళికి బయటపడితే ఎవరికీ ఏమీ గుర్తుండదు. నిల్వకు సంబంధించిన మరో తేడా కూడా ఉంది. పది శాతం తేమతో వచ్చిన 100 కిలోల పిక్కలు గోడౌన్లో ఎనిమిది శాతానికి ఆరితే దాదాపు 98 కిలోలే తూగుతాయి. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ పాడుచేయలేదు. అయినా కొన్న తూకాన్ని వాడకంగా రాసే యూనిట్‌లో ఈ రెండు కిలోలూ షెడ్డు నెత్తిన పడతాయి. మామూలుగా తగ్గే ఇలాంటి తూకానికి ప్రమాణంలోనే చోటివ్వాలి. వాన నీరు కారి బస్తాలు బూజు పట్టడం లాంటిది వేరు, దానికి స్టోర్‌కీపర్ జవాబు చెప్పాలి. మన దేశంలో ముడిసరుకు వ్యయానికి సంబంధించిన కాస్ట్ అకౌంటింగ్ ప్రమాణం కూడా మామూలు కారణాలతో వచ్చిన వాడకం తేడాను ఖర్చులో కలిపి, అసాధారణ కారణాలతో వచ్చినదాన్ని బయట ఉంచమనే చెబుతుంది.

షెడ్డు తప్పు ఎప్పుడూ ఉండదని కాదు. ఉన్నా అది ఈ లెక్కకు చిక్కకపోవచ్చు. కోత దగ్గర చెయ్యి తొందరపడితే పప్పు విరుగుతుంది. విరిగిన పప్పు తూకం తగ్గదు కాబట్టి వాడకం విచలనంలో ఆ జాడే ఉండదు. అమ్మకం దగ్గర మాత్రం గుండుకూ ముక్కకూ ధరలో చాలా వ్యత్యాసం. పౌండుకు 300 నుంచి 320 గింజలు తూగే డబ్ల్యూ-320 రకంగా వెళ్లాల్సిన పప్పు ముక్కల డబ్బాలో పడితే యూనిట్ నష్టపోతుంది, విచలనాల పట్టికలో మాత్రం సున్నా కనిపిస్తుంది. ఈ పరిశ్రమలో కిలోల లెక్కతో పాటు గుండు ఎంత శాతం వచ్చిందన్న లెక్క కూడా రోజూ రాయాల్సిందే. అది లేకపోతే సూపర్‌వైజర్‌ను తప్పులేని చోట నిందించి, తప్పున్న చోట వదిలేసినట్టవుతుంది.

ఇక కూలి. 5,000 కిలోల పప్పుకు ప్రమాణం 5,000 గంటలు, 2,50,000 రూపాయలు. డబ్బు చెల్లించింది 5,800 గంటలకు, సగటున గంటకు 52 రూపాయల చొప్పున 3,01,600. తేడా 51,600, అంతా ప్రతికూలమే. దీన్ని మూడుగా విడదీయాలి. గంటకు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చినందువల్ల 11,600 పోయింది, అది రేటు విచలనం. చెల్లించిన 5,800 గంటల్లో 300 గంటలు పని లేక ఖాళీగా గడిచాయి, వాటి విలువ 15,000. మిగిలిన 5,500 గంటల్లో 5,000 గంటల పనే జరిగింది, ఆ 500 గంటలకు 25,000. ఈ చివరిదాన్నే శ్రమ సామర్థ్య విచలనం అంటారు. ఖాళీ గంటలను విడిగా తీయకుండా సామర్థ్యంలోనే కలిపేస్తే, పప్పు రాక చేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్లు నెమ్మదిగా పనిచేసినవాళ్లుగా లెక్కకెక్కుతారు. ఈ పొరపాటు చాలా చోట్ల జరుగుతుంది.

మొదట సామర్థ్యం సంగతి. లాట్ల వారీగా చూస్తే మొదటి లాట్ 2,750 కిలోలకు 2,750 గంటలే పట్టాయి. రెండో లాట్ 2,250 కిలోలకు కూడా 2,750 గంటలు పట్టాయి. ముదరని పిక్కల్లో గింజ ముడతలు పడి ఉంటుంది, పొట్టు ఆ ముడతల్లోకి దిగి అంటుకుంటుంది. ఆరిన మంచి గింజకు వేలితో రుద్దితే రాలే పొట్టు, దీనికి కత్తి మొనతో గీరితే గానీ రాదు. చవక పిక్కల దెబ్బ వాడకం మీదే కాక ఒలిచే చేతుల మీదా పడిందన్నమాట. పేరుకు ఇది శ్రమ సామర్థ్య విచలనం, మూలం మాత్రం కొనుగోలులో ఉంది.

ఖాళీ గంటల రిజిస్టరు చూస్తే 180 గంటలు బోర్మా చెడిపోయినప్పటివి. దానికి మరమ్మతులు చూసే విభాగం జవాబు చెప్పాలి. మిగిలిన 120 గంటలు రెండో లాట్ పప్పులో తేమ ఎక్కువై, ఎండడం ఆలస్యమై, పప్పు కోసం ఎదురుచూసినవి. రెండూ ఒకే గడిలో ఉన్నా మూలాలు రెండు. రోజువారీ రిజిస్టరులో కారణం రాసే గడి లేకుంటే ఈ విభజన నెలాఖరున ఎవరూ చేయలేరు. అప్పుడు ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు, గొంతు పెద్దదైనవాళ్ల మాటే చెల్లుతుంది.

రేటు విచలనం పేరు వినగానే ఎవరో కూలి పెంచారని అనిపిస్తుంది. ఈ నెల ఎవరి కూలీ పెరగలేదు. గడువులోగా ఆర్డరు పంపడానికి 232 గంటలు ఓవర్‌టైం చేయించారు. చట్టం ప్రకారం ఓవర్‌టైంకు మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలి కాబట్టి గంటకు అదనంగా 50 పడింది, మొత్తం 11,600. ఆ ఓవర్‌టైం ఎందుకు కావాల్సి వచ్చింది? పొట్టు ఆలస్యమైంది, బోర్మా ఆగింది, ఆర్డరు గడువు బిగుసుకుంది. ఈ మూడింటికీ 11,600 ను రూపాయల్లో పంచబోవడం వృథా ప్రయాస. పట్టికలో దాన్ని విడిగా ఉంచి, కారణాలు మూడూ పక్కన రాసి, ఓవర్‌టైంకు అనుమతిచ్చిన మేనేజరును వివరణ అడగడమే నిజాయితీ అయిన పద్ధతి.

ఇప్పుడు నెల లెక్కను విభాగాల పేర్లతో కాకుండా కారణాలతో తిరగరాస్తే ఇలా ఉంటుంది. రెండో లాట్ కొన్న నిర్ణయం వల్ల ధరలో 1,76,000 మిగిలింది. వాడకంలో 2,60,000, ఒలుపులో 25,000, ఎదురుచూపులో 6,000 పోయాయి. నికరంగా 1,15,000 నష్టం. బోర్మా ఆగినందుకు 9,000. ఓవర్‌టైం 11,600. మొత్తం 1,35,600, అంటే పిక్కల 84,000, కూలి 51,600 కలిపినంత. మొదటి పట్టికలో 1,76,000 మిగిల్చిన మనిషి రెండో పట్టికలో లక్ష దాటిన నష్టానికి కారకుడయ్యాడు. 2,60,000 నష్టపరిచినట్టు కనిపించిన సూపర్‌వైజర్ పేరు దాదాపు పక్కకు తప్పుకుంది. ఒలుపు, ఎదురుచూపు ఖర్చులు కూడా కలిపితే ఆ పిక్కలకు కిలో 103 రూపాయల 50 పైసల దాకానే పెట్టొచ్చని తేలుతుంది. మళ్లీ ఇలాంటి సరుకు బేరానికి వచ్చినప్పుడు కొనుగోలు విభాగం చేతిలో ఉండాల్సిన అంకె అదే.

ఈ లెక్క అంతా గంటల కూలి ఇచ్చే యూనిట్‌కు సంబంధించినది. జీడి పరిశ్రమలో ఒలుపుకు కిలోల చొప్పున కూలి ఇచ్చే పద్ధతీ విస్తారంగా ఉంది. కిలోకు 50 రూపాయలని ఒప్పుకుని ఉంటే రెండో లాట్‌కు 2,250 కిలోలకే డబ్బు చెల్లిస్తారు. ఎన్ని గంటలు పట్టినా యజమానికి తేడా రాదు, శ్రమ సామర్థ్య విచలనం పుస్తకాల్లోంచి మాయమవుతుంది. నష్టం మాత్రం మాయం కాదు. 2,750 గంటలు కూర్చున్నవాళ్లకు గంటకు 41 రూపాయల లోపే గిడుతుంది. నాసిరకం పిక్క కొన్న నిర్ణయానికి మూల్యం ఒలిచే ఆడవాళ్ల కూలిలోంచి తెగుతుంది. ముక్కకూలి ఇచ్చే చోట విచలనాల పట్టిక శుభ్రంగా ఉందంటే దాన్ని కొంత అనుమానంతోనే చూడాలి. కొన్ని చోట్ల లాట్ రకాన్నిబట్టి ఒలుపు రేటు మార్చాలని పనివాళ్లు గట్టిగా అడిగేది ఇందుకే.

ప్రతి తేడానూ ఇంత లోతుగా తవ్వాల్సిన పని లేదు. తూకపు కాటా చూపే పొరపాటు అంత చిన్న తేడాల వెంట పడితే, వెతికే ఖర్చు దొరికే లాభాన్ని మించుతుంది. ఎంత శాతం దాటితే, లేదా ఎన్ని రూపాయలు దాటితే విచారించాలో ముందే హద్దు పెట్టుకుంటారు. ఆ హద్దును అనుకూల తేడాలకూ వర్తింపజేయాలి. ఈ నెల కథంతా కిలోకు 16 రూపాయలు తక్కువకు దొరికిన ఒక లాట్‌తోనే మొదలైంది, మిగులు కదా అని దాన్ని ఎవరూ అడగలేదు. హద్దు లోపలే ఉన్నా నెలనెలా ఒకే వైపు జరుగుతున్న తేడాను కూడా పట్టుకోవాలి. మూడు సీజన్లుగా ఏ లాట్ చూసినా నాలుగుంబావు కిలోలకు గానీ కిలో పప్పు రావడం లేదంటే, చెట్లు ముసలివై ఉండవచ్చు, సరుకు వచ్చే ప్రాంతం మారి ఉండవచ్చు. అప్పుడు మనుషులను నిలదీయడం ఆపి ప్రమాణాన్నే తిరగరాయాలి. ఆ పని సీజన్ మొదట్లో, కొత్త పిక్కల కోత పరీక్షల ఫలితాలు ముందు పెట్టుకుని, కొనుగోలు అధికారీ సూపర్‌వైజరూ ఇద్దరూ ఉండగా చేస్తారు. తమ ఎదుట వేసిన ప్రమాణం కాబట్టి, దాని మీద వచ్చిన తేడా తమ లెక్క కాదని తర్వాత ఇద్దరిలో ఎవరూ అనలేరు.